బుధవారం రాత్రి మెసేజి

మా అమ్మాయి బీటెక్‌లో చేరి హైదరాబాదు హాస్టల్‌కి వెళ్ళిన మొదటి నెల, ఒకటో తారీఖున మూడు వేలు పంపాను. పన్నెండో తారీఖు రాత్రి ఫోన్ చేసింది. మెస్సులో కూరల గురించి చెప్పింది, పక్క గదిలో అమ్మాయికి జ్వరమని చెప్పింది, ఫోన్ పెట్టేసే ముందు మెల్లగా "నాన్నా, ఓ అయిదొందలు వేస్తావా?" అంది. "అప్పుడే అయిపోయాయా?" అన్నాను. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. ఆ పూట నా నోటికి అంతకన్నా మంచి మాట రాలేదు.

అయిదొందలూ పంపాను. వెనకాలే ఒక మెసేజి కూడా పంపాను. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. "డబ్బు జాగ్రత్తగా వాడు తల్లీ. అనవసరమైనవి కొనకు. మేం చదువుకునే రోజుల్లో నెలకి యాభై రూపాయలతో గడిపాం. ఏది అవసరమో ఏది కాదో నువ్వే ఆలోచించుకో." దానికి వచ్చిన జవాబు ఒక బొటనవేలు బొమ్మ. పిల్లల దగ్గర్నుంచి ఆ బొమ్మ వచ్చిందంటే కొట్టు కట్టేశారని అర్థం. తరవాత మీరెంత తట్టినా తలుపు తెరుచుకోదు.

ఆ మెసేజిలో తప్పుమాట ఒక్కటీ లేదు. కానీ చదివిన పిల్లకి రేపు పొద్దున ఏం చెయ్యాలో తెలిసే మాట కూడా ఒక్కటీ లేదు. "అనవసరమైనవి" అన్నాను, ఏవో నాకూ తెలీదు. తను దేనికి ఖర్చు పెట్టిందో తెలుసుకోకుండానే తీర్పు రాసేశాను.

అంతకన్నా పెద్ద తప్పు తరవాతి నెలలో చేశాను. తన ఖాతా నా పేరు కూడా కలిసిన జాయింట్ ఖాతా. నా నెట్ బ్యాంకింగ్‌లో దాని స్టేట్‌మెంటు కనిపిస్తుంది. రోజూ రాత్రి భోజనమయ్యాక అది తెరిచి చూడటం మొదలుపెట్టాను. ఒక రోజు నూట ఎనభై, ఏదో బేకరీ పేరు. వెంటనే ఫోన్ చేసి "ఆ నూట ఎనభై ఏంటమ్మా?" అన్నాను. ఇంకోరోజు తొంభై. మళ్ళీ ఫోన్. రెండు వారాలు గడిచేసరికి స్టేట్‌మెంటు శుభ్రంగా తయారైంది. బేకరీ లేదు, క్యాంటీన్ లేదు, ఆటో లేదు. ప్రతి సోమవారం ఒకటే పేరు, ఒకటే పద్దు: రూమ్మేట్‌కి నాలుగొందలు. వారమంతా ఆ అమ్మాయి ఫోన్‌తో స్కాన్ చేయించుకుని, సోమవారం ఒక్కసారి తీర్చేస్తోంది. దొంగ పద్దులు పట్టుకోవడం ఒకప్పుడు నా ఉద్యోగంలో భాగం కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. దొంగ పద్దు రాయడం నేర్పింది కూడా నేనే అని అర్థమవడానికి మాత్రం కొంచెం సమయం పట్టింది.

అందుకే స్క్రీన్‌షాట్లు అడగకండి. స్టేట్‌మెంటు చూడకండి. చూస్తే చూశామని చెప్పకండి అని కూడా అనను, అసలు చూడకండి. ఇప్పుడు యూపీఐ సర్కిల్ అని ఒక సదుపాయం ఉంది. మీ ఖాతాలోంచే పిల్లలు చెల్లించేలా పెట్టవచ్చు. అందులో ఒక పద్ధతిలో నెలకి గరిష్ఠంగా 15,000 వరకు మీరే పరిమితి పెడతారు, ఇంకో పద్ధతిలో ప్రతి చెల్లింపుకీ మీరు ఫోన్లో ఒప్పుకోవాలి. పదో తరగతి పిల్లాడు ఇంటి పక్క కొట్టుకి వెళ్ళినప్పుడు ఈ రెండోది పనికొస్తుందేమో. హాస్టల్ పిల్ల క్యాంటీన్ దగ్గర, వెనక పదిమంది నిలబడి ఉండగా, మీటింగ్‌లో ఉన్న నాన్న ఫోన్ చూసుకునేదాకా టీ కప్పు పట్టుకుని ఆగలేదు. రెండోరోజుకే రూమ్మేట్ ఫోన్ బయటికి వస్తుంది.

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకున్నాం. ఒక్కటే అడిగాను. తిరిగి వెళ్ళాక రెండు వారాలపాటు ఖర్చు పెట్టిన ప్రతిదీ రాసుకో, ఎవరికీ చూపించక్కర్లేదు, చివర్లో మొత్తాలు మాత్రం నాకు చెప్పు అన్నాను. మధ్యలో నేను ఒక్క మాటా అడగనని ఒట్టేశాను. వచ్చిన లెక్క ఇది. టీలు, పఫ్‌లు, చిరుతిళ్ళు 460. రాత్రిపూట బయటినుంచి తెప్పించుకున్న తిండిలో తన వాటా 520. షేర్ ఆటోలు 160. ఇస్త్రీ 80. ఇద్దరు స్నేహితురాళ్ళ పుట్టినరోజులు 250. సినిమా ఒకటి 310. షాంపూ, సబ్బులు, క్లిప్పులు 240. జిరాక్సులు, ల్యాబ్ రికార్డు 190. చివర్న "ఏదో యాప్, కట్ అయింది" అని 299. మొత్తం 2,509.

ఈ లెక్క విన్నాక నాకు సిగ్గేసింది. ఇందులో విలాసమని వేలు పెట్టి చూపించదగ్గది సినిమా ఒక్కటే. అది కూడా రెండు వారాలకి ఒకటి.

ముందుగా తేల్చుకోవాల్సింది ఏది ఇంటి ఖర్చు, ఏది తన ఖర్చు అన్నది. ఫీజు, మెస్సు, బస్సు పాసు, ఫోన్ రీచార్జి ఇంటివని అందరం అనుకుంటాం. జిరాక్సు చదువు ఖర్చు, షాంపూ ఇంట్లో ఉంటే మనమే కొనేది. వీటిని పాకెట్ మనీలో కలిపితే, నెలాఖరున రికార్డు కొనాలా టీ తాగాలా అనే పరీక్ష పిల్ల ముందు పెట్టినట్టు. రెండూ కలిపి 430 ఇంటి పద్దులోకి మార్చాం. నెలకోసారి తను మొత్తం చెప్తుంది, నేను పంపుతాను, బిల్లు అడగను. మిగిలింది 2,079. అందులో ఆ యాప్ 299 తీసేస్తే 1,780. అంటే వారానికి 890.

ఆ యాప్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఏదో సీరియళ్ళ యాప్, ఒక్క రూపాయికి ట్రయల్ అంటే నొక్కింది. ఆ ఒక్క రూపాయి కట్టేటప్పుడే యూపీఐ పిన్ కొట్టి ఆటోపేకి ఒప్పుకున్నట్టయింది. నచ్చక యాప్ తీసేసింది. యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు. ఆ ఒప్పందం యాప్‌లో కాదు, బ్యాంకు దగ్గర ఉంటుంది. డబ్బు కోసే ఇరవై నాలుగు గంటల ముందు ఒక సమాచారం రావాలన్నది నియమం. వస్తుంది కూడా. రోజుకి నలభై మెసేజిల మధ్య దాన్ని ఎవరు చదువుతారు? ఆపాలంటే డబ్బులు పంపే యాప్ తెరిచి, అందులో ఆటోపే అనే చోటికి వెళ్ళి, అక్కడ ఉన్నవి ఒక్కొక్కటీ చూసి రద్దు చెయ్యాలి. మా అమ్మాయికి మూడు కనిపించాయి. ఒకటి తనకి గుర్తే లేదు. మీ ఫోన్లో కూడా ఒకసారి చూడండి, నా ఫోన్లో రెండు దొరికాయి.

ఇక 890ని ఏం చెయ్యాలి? నెలకి మూడు వేలు ఒకేసారి పంపే బదులు వారానికి ఏడొందల యాభై అనుకున్నాం. అది 890 కన్నా తక్కువే, కానీ నెలకి వెళ్ళే డబ్బు దాదాపు పాతదే, విడత మారింది. పన్నెండో తారీఖుకి అయిపోతే పద్దెనిమిది రోజులు చేబదుళ్ళ మీద బతకాలి. శుక్రవారానికి అయిపోతే రెండు రోజులు ఓపిక పడితే చాలు. పద్దెనిమిదేళ్ళ పిల్లకి రెండు రోజుల తప్పు అర్థమవుతుంది. పద్దెనిమిది రోజుల తప్పు అర్థం కాదు, భయమే వేస్తుంది.

డబ్బు ఆదివారం పొద్దున వెళ్తుంది. దాంతోపాటు ఒక్క మాట కూడా వెళ్ళదు. మెసేజి బుధవారం రాత్రి తొమ్మిది దాటాక, మెస్సులో భోజనాలయ్యాక వెళ్తుంది. ఈ రెంటినీ విడదీయడం నాకు తట్టిన మంచి ఆలోచనల్లో ఒకటని ఇప్పటికీ అనుకుంటాను. డబ్బుతోపాటు సుద్దులు వస్తే, ఆ సుద్దులు డబ్బుకి కట్టే వడ్డీలా కనిపిస్తాయి. పిల్లలు వడ్డీ కట్టేసినట్టు ఒక బొటనవేలు పెట్టి ఊరుకుంటారు. పైగా ఆదివారం చేతినిండా డబ్బున్నప్పుడు ఖర్చు గురించి మాట్లాడితే చెవికెక్కదు. బుధవారానికి సగం అయిపోయి ఉంటుంది. అప్పుడు తనకే లెక్క గుర్తొస్తుంది.

మెసేజి ఫోన్ తెరలో ఒక్కసారికి కనిపించేంతే ఉండాలి. వేలితో పైకి తోయాల్సి వస్తే ఎక్కువైనట్టు. వాయిస్ మెసేజి వద్దు. నలుగురున్న గదిలో నాన్న గొంతు "ఎంత మిగిలిందమ్మా" అని వినిపిస్తే ఆ పిల్ల తలెత్తుకోలేదు. కుటుంబం గ్రూపులో అసలే వద్దు. అక్కడ పెదనాన్న, పిన్ని, ఆ పిన్నిగారి అబ్బాయి నెలంతా వెయ్యితో గడిపేశాడన్న వార్త, అన్నీ ఉంటాయి.

నేను పంపిన మొదటి బుధవారం మెసేజి ఇది: "అమ్మలూ, ఈ వారం మనింట్లో గ్యాస్ సిలిండర్ వచ్చింది, బండికి టైరు మార్చాను. నాకూ ఈ వారం టైటే. ఒకటి చెప్పు, బయటినుంచి తిండి తెప్పించుకునేది ఎక్కువగా ఏ రోజుల్లో?"

ముందు ఇంటి ఖర్చు ఒకటి చెప్పాను. మన లెక్క మనం దాచుకుని వాళ్ళ లెక్క అడిగితే అది ఆడిట్ అవుతుంది. తరవాత ఒకటే ప్రశ్న. "ఎందుకు" అన్న మాట లేదు. ఎందుకు తెప్పించుకున్నావంటే సంజాయిషీ వస్తుంది. ఏ రోజుల్లో అంటే సమాచారం వస్తుంది. పావుగంటలో జవాబు వచ్చింది. "మంగళ, శనివారాలు నాన్నా. మంగళవారం సొరకాయ నీళ్ళలా చేస్తారు. శనివారం ఏం పెడతారో వాళ్ళకే తెలీదు."

దుబారా అనుకున్నది ఆకలి అని తేలింది. ఆ వారం వాళ్ళమ్మ కందిపొడి, కారప్పొడి డబ్బాలు రెండు, చిన్న సీసాలో నెయ్యి బస్సు పార్సిల్లో పంపింది. వేడన్నం మెస్సులో ఎలాగూ ఉంటుంది. తరవాత రెండు వారాల్లో ఆ 520 కాస్తా 210 అయింది. ఆ కందిపొడికి మా గదిలో ఆరుగురు గిరాకీ అని కూడా రాసింది, అందుకని ఈసారి డబ్బా పెద్దది పంపాల్సి వచ్చింది. ఖర్చు తగ్గించుకో అని నేను ఒక్కసారి కూడా అనలేదు.

రెండో గట్టి ముడి పుట్టినరోజులు. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. మా అమ్మాయి బృందంలో పద్నాలుగు మంది. ఒక్కో పుట్టినరోజుకి కేకు, ఏదో కానుక కలిపి తలా నూటపాతిక. రాత్రి పన్నెండింటికి తలుపు కొట్టి "నీ వాటా వెయ్యవే" అంటారు. లేదనడం ఆ వయసులో ఎంత కష్టమో మనం మరిచిపోయాం. పదమూడు మందికి 1,625. తన పుట్టినరోజుకి తను ఇచ్చే ట్రీట్ 1,500 అనుకుంటే ఏడాదికి 3,125. కాలేజీ నడిచే వారాలు నలభై అనుకుంటే వారానికి సుమారు 78. ఈ లెక్క ఒక బుధవారం ఇద్దరం మెసేజిల్లోనే వేసుకున్నాం. ఏడొందల యాభైలో ఎనభై రాగానే పక్కన పడేస్తోంది. అదీ ఫోన్లో కాదు, చిల్లర నోట్లుగా మార్చి పాత జామెట్రీ బాక్సులో. ఖాతాలో ఉంటే అది కూడా ఖర్చయ్యే డబ్బే అనిపిస్తుందట. తరవాత వాళ్ళ బృందమే మాట్లాడుకుని, నెలలో ఎన్ని పుట్టినరోజులున్నా చివరి శనివారం ఒకటే కేకు అని పెట్టుకున్నారు. అది నా సలహా కాదు. లెక్క బయటికి చెప్పింది మా అమ్మాయి, ఆలోచన ఇంకో పిల్లది.

అన్ని వారాలూ ఇలా సాగలేదు. మార్చిలో ఒక గురువారం "నాన్నా, జీరో" అని రెండే మాటలు వచ్చాయి. స్నేహితురాలి అక్క పెళ్ళికి చీర బ్లౌజు కుట్టించుకుంది, నాలుగొందలు ఒక్కసారే పోయాయి. దీనికి మేం ముందే ఒక కట్టు పెట్టుకున్నాం. అడిగితే ఇస్తాను, కానీ అది వచ్చే వారాల్లోంచి అడ్వాన్సు. మూడొందలు పంపాను. తరవాతి రెండు ఆదివారాలు ఆరొందల చొప్పున వెళ్ళింది. ఆ బ్లౌజు గురించి నేను మాట్లాడలేదు. రెండో ఆదివారం డబ్బు పడ్డాక తనే "బాకీ తీరింది కదా" అని రాసింది.

దీనికి వేరుగా ట్రంకు పెట్టె అడుగున ఒక కవర్లో అయిదొందల నోటు ఉంటుంది. అది పాకెట్ మనీ కాదు. జ్వరం వచ్చినా, ఫోన్ పోయినా, రాత్రి బస్సు తప్పినా వాడటానికి. వాడితే బుధవారం మెసేజికి జవాబులో చెప్పాలి, మరుసటి వారం నేను మళ్ళీ నింపుతాను. మొదటి ఏడాదిలో ఒక్కసారే తీసింది, వైరల్ జ్వరానికి డాక్టరు ఫీజు.

ఆ నోటు, ఆ అడ్వాన్సు ఎందుకంటే, మన తలుపు మూసి ఉంటే పిల్లలు తట్టే తలుపు ఫోన్లోనే ఉంది. నిమిషాల్లో రెండు వేలు అప్పిచ్చే యాప్‌లు. ఒక సంగతి మీరూ తెలుసుకోండి, పిల్లలకీ చెప్పండి. డిజిటల్ రుణాలిచ్చే యాప్‌లు ఫోన్లోని కాంటాక్టుల జాబితా, కాల్ వివరాలు, ఫొటోలు చూడకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నియమం పెట్టింది. అప్పిచ్చే యాప్ కాంటాక్టులకి అనుమతి అడిగిందంటే అక్కడికక్కడే తీసేయాలి. అది రేపు వాయిదా ఆలస్యమైతే మీ బంధువులందరికీ మెసేజిలు పెట్టడానికే. ఇంకోటి, "నీ ఖాతా వాడుకోనిస్తే నెలకి రెండు వేలిస్తాం" అనేవాళ్ళు కాలేజీల చుట్టూ తిరుగుతుంటారు. ఆ ఖాతాలోకి మోసం చేసిన డబ్బు వస్తుంది, పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు దగ్గరికే. ఈ రెండు విషయాలూ నేను ఒకే బుధవారం రాశాను. ఆ ఒక్కరోజు మాత్రం ప్రశ్న వెయ్యలేదు. చివర ఇలా రాశాను: "ఇలాంటిది నీకు గానీ నీ స్నేహితులకి గానీ ఇప్పటికే జరిగి ఉంటే చెప్పు. తిట్టను. డబ్బు పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది." మూడు వారాల తరవాత పక్క గది అమ్మాయి విషయం చెప్పింది. ఆ సంగతి ఇక్కడ రాయను.

మీరు తప్పకుండా చేయబోయే పొరపాటు ఒకటి చెప్పి ఆపేస్తాను. నేనూ చేశాను. ఏప్రిల్లో పరీక్షల వారం అమ్మాయి ఎక్కడికీ వెళ్ళలేదు, మూడొందలు మిగిలాయని సంతోషంగా రాసింది. "అయితే ఈ ఆదివారం నాలుగొందల యాభై వేస్తాలే" అన్నాను, లెక్క సరిపోతుంది కదా అని. తరవాతి శనివారం ఖాతాలో ఒక్క రూపాయి లేకుండా చూసుకుంది. మిగిల్చినందుకు కోత పడితే ఎవరు మాత్రం మిగులుస్తారు? మార్చి నెలాఖరున బడ్జెట్ మురిగిపోతుందని కుర్చీలు కొనే ఆఫీసుల్ని ఎన్ని చూశాను! వెంటనే ఆ మూడొందలూ పంపేసి, మిగిలింది నీదే, అడగను అని రాశాను. జూన్‌లో ఇంటికొచ్చేటప్పుడు వాళ్ళమ్మకి ఒక హ్యాండ్‌బ్యాగు తెచ్చింది.

రెండో ఏడాది మొదట్లో తనే అడిగింది, పదిహేను రోజులకి ఒకసారి పంపితే సరిపోతుందని. ఇప్పుడు ఆదివారం విడిచి ఆదివారం పదిహేను వందలు వెళ్తున్నాయి. బుధవారం మెసేజి మాత్రం వారం వారం అలాగే ఉంది. నేను మరిచిపోతే రాత్రి పదింటికి అటునుంచి ఒక ప్రశ్నార్థకం వస్తోంది.